చుట్టుడా, మార్చుడా

మా షాపుకు మోటార్లు రకరకాలుగా వచ్చాయి. ట్రాలీ ఆటోలో వచ్చాయి, తోపుడుబండి మీద వచ్చాయి, ఒకటైతే స్కూటర్ ముందు నిలబెట్టుకుని కాళ్ళ మధ్య ఇరికించుకుని తెచ్చాడొకాయన. కానీ మోటారునీ మనిషినీ ఒకే తాడుతో కట్టి తేవడం ఆ ఒక్కసారే చూశాను.

ఎండాకాలం. పొద్దున్నే షట్టరు ఎత్తి, వాకిట్లో నీళ్ళు చల్లి, రాంగోపాల్‌పేట్ సందులో దుమ్ము కాస్త అణిగింది కదా అని నిలబడ్డాను. ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వెనక ముప్పై హార్స్‌పవర్ మోటారు. దాన్ని ఎత్తడానికి పైన ఉండే ఇనుప రింగులోంచి నైలాను తాడు దూర్చి, ఆ తాడుతోనే పక్కన కూర్చున్న మనిషి రెండు మణికట్లూ బిగించేశారు. అతని కింది పెదవి చీలి ఉంది. చొక్కా ముందంతా రక్తం ఎండి అట్ట కట్టింది. ఆటో కుదుపుకు మోటారు ఎటు ఊగితే అతనూ అటు ఊగాడు.

వెనకే బుల్లెట్టు మీద సామిల్లు సేటు దిగాడు. కాప్రా చెరువు అవతల మిల్లు ఆయనది. పెద్ద మనిషి, పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద చేతులు. నన్ను చూసి నమస్తే కూడా పెట్టలేదు.

"అమ్మా, మోటరు కాలింది. వీడు కాల్చిండు. మీ మిషన్ వెట్టి చూసి ఎట్ల కాలిందో చెప్పు. వీడే కాల్చిండని తేలిందనుకో, గీ చెయ్యి గీడనే ఇరుస్త. మీ చుట్టుడుల తప్పు తేలిందనుకో, మీ షాపుల ఏం మిగుల్తదో నేను చెప్ప, నువ్వే చూస్తవ్."

ఆ మోటారు మా చేత్తో చుట్టిందే. అంతకు ముందు దసరా దాటాక ఆయనే తెచ్చి చుట్టించుకున్నాడు. అంటే లెక్క తేలిపోయింది. ఆ రోజు నా నోటి నుంచి వచ్చే మాటను బట్టి పోయేది ఆ మనిషి చెయ్యి, లేదా మా షాపు. మూడో దారి ఆయన ఉంచలేదు.

మా గురించి రెండు ముక్కలు. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడ్డాడు. నేనక్కడే పెరిగాను. మా ఆయన వాళ్ళది మాత్రం తాతల నాటి నుంచి ఈ సందే. మా మామగారు మొదలుపెట్టిన వైండింగ్ షాపు ఇది. ఇప్పుడు మా ఆయన తీగ చుడతాడు, నేను టెస్టు చేస్తాను. సందులో వాళ్ళు సరదాగా "చుట్టేది ఆయన, తిట్టేది ఆమె" అంటారు. అబద్ధమేమీ కాదు. ఆయన నోట్లో మాట ఉందో లేదో దేవుడికే తెలియాలి. నా నోరు మాత్రం రాణిగంజ్ దాకా వినిపిస్తుంది.

"ఏటయ్యా ఇది? మనిషిని మోటారుకు కట్టి తెస్తావేటి? ముందు తాడు ఇప్పు," అన్నాను.

"పారిపోతడు."

"అంత రక్తం కారాక ఎక్కడికి పారిపోతాడు?"

సేటు ఆటోలో ఉన్న ఇద్దరు హమాలీలకు సైగ చేశాడు. వాళ్ళు చైను బ్లాకు గొలుసుకు తగిలించి మోటారును దించుతుంటే, తాడు విప్పకుండానే ఆ మనిషినీ దించారు. మోటారు నేలకు తగిలేటప్పుడు అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అతను మిల్లు ఆపరేటరు. రంపం నడిపేది అతనే. నేను ఒకటి రెండుసార్లు చూసినవాడే. మోటారు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు మా ఇంట్లో చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి పెట్టి వెళ్ళాడు.

"నేనేం జెయ్యలే అక్కా," అన్నాడు తల ఎత్తి. "మొద్దు సగం కోసిన. టప్పున ఆగింది. వాసనొచ్చింది. గంతే."

సేటు అతని పక్కటెముకల మీద తన్నాడు. నింపాదిగా, తలుపు మూసినట్టు తన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"గిదే కథ పొద్దుగాల నుంచి చెప్తుండు. తాగి పన్నడమ్మా. లావు మొద్దు ఇరుక్కుంది. మోటరు ముక్కుతానే ఉంది, ముక్కుతానే ఉంది. వీడు గురక. ఆఖరికి కాలింది."

పక్క షాపు పెద్దాయన గుమ్మంలోకి వచ్చి, పోలీసుకు ఫోన్ చేస్తానమ్మా అన్నాడు. ఆపరేటరే వద్దన్నాడు. "పోలీసోళ్ళొస్తె పొద్దుమూకి ఇంటికి వోతరు సారూ. నేను మళ్ళ గీయన మిల్లుకే వోవాలె," అన్నాడు. ఆ మాట విని పెద్దాయన వెనుదిరిగాడు. నాకు ఆపరేటరు మీద కూడా కోపం వచ్చింది.

పని మొదలుపెట్టాం. ముందు మెగ్గర్ పెట్టాను. వైండింగు నుంచి ఇనుప బాడీకి కరెంటు కారుతోందా అన్నది అది చెబుతుంది. ముల్లు చివరి దాకా వెళ్ళింది. కారడం లేదు. మామూలు షాపులో అయితే అక్కడితో ఆపేసి, మోటారు బాగానే ఉంది, మీ కరెంటులోనే ఏదో ఉంది అని పంపించేస్తారు. కానీ మెగ్గరుకు తెలియనిది ఒకటుంది. కాయిల్‌లో తీగ పక్కపక్కనే ఎన్నోసార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకూ దాని పక్క చుట్టుకూ మధ్య ఉండేది వెంట్రుకంత ఎనామిల్ పూత. అది తెగి రెండు చుట్లు కలిసిపోతే బాడీకి ఏమీ కారదు. మెగ్గరు అంతా క్షేమం అంటుంది. మోటారు మాత్రం లోపల్లోపల కాలుతుంది.

దాన్ని పట్టేది సర్జ్ టెస్టరు. ఒక్కో ఫేజులోకి పెద్ద వోల్టేజిని ఒక్క దెబ్బలా కొడుతుంది. ఆ దెబ్బకు వైండింగు మోగుతుంది. మోత తెర మీద గీతగా ఊగి ఊగి సన్నబడుతుంది. మూడు ఫేజులూ బాగుంటే మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతలా కనిపిస్తాయి. ఎక్కడైనా చుట్లు కలిసిపోతే ఆ ఫేజు గీత తొందర తొందరగా ఊగి ఎడమకు జరిగిపోతుంది. మా ఆయన వద్దంటున్నా వినకుండా ఆ మిషను కొనిపించింది నేనే. దాన్ని కాలితో నొక్కే పెడలుతో నడుపుతాం, చేతులు ఖాళీగా ఉండాలని.

నిజానికి మోటారు విప్పి, లోపల తిరిగే రోటరును బయటికి తీశాకే ఆ టెస్టు చేయాలి. ఆ మాటే చెప్పాను.

"ఇప్పుడే చెయ్యి. నా ముందల చెయ్యి. లోపటికి తీస్కపోయి నువ్వేం మతలబు చేస్తవో నాకేం తెల్సు," అన్నాడు సేటు.

మా ఆయన నా వైపు చూశాడు. గొడవ వద్దు, కానీయ్ అన్నట్టు. తీగలు తగిలించి పెడలు తొక్కాను. రెండు గీతలు కలిశాయి. మూడోది పక్కకు నిలబడింది. కళ్ళున్న ఎవరికైనా కనిపించేంత దూరంలో.

సేటుకు తెర చదవడం రాదు గాని, మూడింటిలో ఒకటి వేరే ఉందని తెలియడానికి చదువెందుకు? ఆయన నన్ను దాటి వెళ్ళి మా ఆయన చెంప మీద కొట్టాడు. అరచేత్తో కాదు, చేతి వెనక భాగంతో. ఆ చేతికి రెండు ఉంగరాలున్నాయి. మా ఆయన తీగ చుట్టే బల్ల మీద పడి, అక్కడి నుంచి కింద పడ్డాడు. ముక్కులోంచి రక్తం ధారగా వచ్చింది.

"చుట్టుడు రానోనివి షాపెందుకు వెట్టినవ్ రా!"

మా పెళ్ళయ్యాక ఆయన మీద ఎవరైనా చెయ్యి చేసుకోవడం నేను చూడలేదు. అరిచాను. "ఆగు! రోటరు లోపలుందయ్యా. అది ఉంటే గీతలు అలాగే తేడా వస్తాయి. చూడు, చూడు!" ఒక కాలితో పెడలు తొక్కి ఉంచి, షాఫ్టు పట్టుకుని చేత్తో మెల్లగా తిప్పాను. రోటరు ఏ స్థానంలో ఉందో దాన్ని బట్టి గీతలు జరుగుతాయి. అందుకే నేను తిప్పే కొద్దీ ఆ మూడో గీత మిగతా రెండింటి దగ్గరకు వచ్చింది, కలిసింది, మళ్ళీ దాటిపోయింది. అంటే చుట్లు కలిశాయా లేదా అన్నది ఈ గీతల్ని చూసి చెప్పకూడదు. నాకది పట్టపగలంత స్పష్టం.

సేటుకు మాత్రం వేరేలా కనిపించింది.

"నువ్వు తిప్పినట్టల్ల మారుతుంటె గిది టెస్టా, గారడా?" అన్నాడు. గొంతు తగ్గింది. అరిచినప్పటి కంటే దానికే ఎక్కువ భయం వేసింది. "నేను చేస్త టెస్టు."

వంగి ఆపరేటరు కట్టేసిన చేతుల్ని పట్టుకుని లాగాడు. మోటారు పక్కకు బిగించిన చిన్న పెట్టెలో నా తీగలు తగిలించిన ఇత్తడి బోల్టులున్నాయి. ఆ మనిషి వేళ్ళను ఒక్కొక్కటే విప్పి, అరచేతిని ఆ బోల్టుల మీద వేసి, తన చేతులతో పైనుంచి అదిమాడు.

"తొక్కమ్మా పెడలు. తప్పు చేసినోడైతే వాడే ఒర్లి చెప్తడు."

ఆపరేటరు అరవలేదు. నా కాలి వైపు చూశాడు. నా కాలు ఇంకా పెడలు మీదే ఉంది. తొక్కడం ఆపాను, కానీ పాదం పక్కకు తీయలేదు. ఒక అంగుళం కిందికి దిగితే చాలు. ఒక తుమ్ము చాలు. ఆ దెబ్బ మనిషిని చంపుతుందో లేదో నాకు తెలియదు. ఎవరూ మనిషి మీద చేసి చూడరు కదా. వెయ్యి వోల్టుల పైమాటే. అతని చెయ్యి చెమటతో తడిసి ఉంది.

కాలు ఎత్తి వెనక్కి వేశాను. గోడకున్న ప్లగ్గు పీకేశాను. ఆ తర్వాత చేసింది ఆలోచించి చేసింది కాదు. బల్ల మీద కొయ్య సుత్తి ఉంది. కాయిల్స్‌ను స్లాట్లలో వేశాక వాటి చివర్లు తట్టి ఒంపు తిప్పేది. దాన్ని తీసి సేటు ముంజేతి మీద కొట్టాను. మొదటి దెబ్బకు ఆయన నమ్మలేనట్టు చూశాడు. రెండో దెబ్బకు ఆపరేటరు చెయ్యి వదిలాడు. మూడో దెబ్బ వేయాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను. ఇప్పుడు తలచుకున్నా చెయ్యి దురద పెడుతుంది. ఏమాత్రం సిగ్గు లేదు.

సేటు బల్ల మీంచి ఉలి అందుకున్నాడు. పాత కాయిల్స్ నరికే ఉలి, జానెడు పొడవు. హమాలీలిద్దరూ గోడకు అతుక్కుపోయారు. అప్పుడు మా ఆయన లేచాడు. ముక్కు నుంచి కారేది తుడుచుకోకుండా వచ్చి నాకూ ఉలికీ మధ్య నిలబడ్డాడు. మామూలుగా కస్టమరుతో మాట్లాడే గొంతుతోనే మాట్లాడాడు.

"సేటు, నన్ను కొట్టినవ్. అయిపాయె. మిల్లు బందుంది. మోటరు నడవాల్నా, వద్దా? గా ఉలి కింద వెట్టు. రోటరు బయటికి దీస్తం. ఉన్నదున్నట్టు చెప్తం. మాది తప్పయితే నేనే నీ ముందల నిలవడత, పారిపోయేది లేదు."

సేటు ఊపిరి బుసలు కొడుతోంది. మిల్లు బంద్ అన్న మాట ఆయనకు తగిలినట్టుంది. ఉలిని బల్ల మీదికి విసిరాడు.

"రోటరు బరువుంటది. నా చేతులకు ఇంగొక రెండు చేతులు గావాలె," అన్నాడు మా ఆయన, ఆపరేటరు వైపు చూస్తూ. "మోటరు గురించి తెల్సినోని చేతులు."

హమాలీలు ఇద్దరుండగా ఆ మాట ఎందుకన్నాడో నాకు వెంటనే అర్థమైంది. సేటు కాదనే లోపు కత్తెర తీసి తాడు కోసేశాను. ఆపరేటరు మణికట్ల చుట్టూ చర్మం లేచిపోయింది. వేళ్ళు ఉబ్బి ముడవలేకపోయాడు. ఆ చేతులతోనే మా ఆయనతో కలిసి పుల్లీ లాగాడు, మూతలు విప్పాడు, రోటరును గీసుకోకుండా బయటికి జరిపాడు. ఇద్దరి రక్తమూ ఆ మోటారు మీద పడింది.

లోపలికి టార్చి వేసి చూశాను. తాగి పడుకుని, మొద్దు ఇరుక్కుని, మోటారు ముక్కీ ముక్కీ కాలితే వైండింగంతా కాలాలి. పెనం మీద మరిచిపోయిన రొట్టెలా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే నలుపు ఉండాలి. ఇక్కడ వార్నిషు ఇంకా తేనె రంగులో మెరుస్తోంది. ఒక్కచోట మాత్రం, ఒకే ఒక్క కాయిల్ చివర, గోరంత నల్లటి మచ్చ.

అది చూడగానే నాకు రెండూ ఒకేసారి అర్థమయ్యాయి. ఆ మనిషి తప్పు లేదు. తప్పు మా చుట్టుడులో ఉండొచ్చు. మా ఆయనా చూశాడు.

ఆ క్షణంలో నా మనసులో ఏం తిరిగిందో దాచను. ఆ మచ్చ ఏమిటో ఆ గదిలో తెలిసింది మా ఇద్దరికే. ఓవర్‌లోడు వల్లే కాలింది అని ఒక్క మాట అంటే మా షాపు గట్టెక్కుతుంది. ఆ ఆపరేటరు పుల్లీ పక్కన కూర్చుని, ఉబ్బిన వేళ్ళను ఒక్కొక్కటిగా ముడిచి చూసుకుంటున్నాడు. నాకు పిల్లలున్నారు. బహుశా అతనికీ ఉన్నారు. నేను టార్చి ఆర్పి, "టెస్టు చేస్తాను," అన్నాను.

ఈసారి రోటరు లేదు. అబద్ధం చెప్పడానికి అందులో ఏమీ మిగల్లేదు. తక్కువ వోల్టేజితో మొదలుపెట్టాను. మూడు గీతలూ ఒక్కటిగా కలిశాయి. సేటు నా భుజం మీదుగా వంగి చూశాడు.

"కలిసినయ్. మోటరు మంచిగుంది. అంటే వీడే..."

"ఆగు. కొంచెమే పెట్టాను," అన్నాను.

మెల్లగా పెంచాను. పూత ఎక్కడ దెబ్బ తిందో అక్కడ వోల్టేజి ఒక హద్దు దాటాకే నిప్పురవ్వ దూకుతుంది. అంతవరకు మంచి మోటారులాగే నటిస్తుంది. పదిహేను వందలు దాటుతుండగా మూడో గీత వణికింది. ఇంకొంచెం పెంచేసరికి ఎడమకు ఎగిరిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది, మళ్ళీ ఎగిరింది. లోపల చిటచిటమని చప్పుడు.

"షట్టరు దించండి," అన్నాను.

మా ఆయన షట్టరు దించి లైటు ఆర్పాడు. ఉలి ఎక్కడుందో ఆ చీకట్లో ఎవరికీ కనబడదని అప్పుడు గుర్తొచ్చింది. అయినా పెడలు తొక్కాను. మోటారు గర్భంలో, ఆ నల్ల మచ్చ దగ్గరే, నీలం రవ్వ ఒకటి వెలిగి ఆరింది. వెలిగింది, ఆరింది. చీకట్లో ఆరుగురం నిలబడి దాన్నే చూశాం.

"ఏంది అది?" అన్నాడు సేటు.

"చుట్లు కలిసిపోయిన చోటు. టర్న్ షార్టు. మొద్దు ఇరుక్కోడం కాదు, నిద్దర కాదు, తాగుడు కాదు. ఇదే."

లైటు వేసేలోపే సేటు కాలు మా ర్యాకుకు తగిలింది. తగలడం కాదు, తన్నాడు. వార్నిషు ఆరడానికి పెట్టిన కాయిల్స్, తీగ బాబిన్లు, మా మామగారి కాలం నాటి చెక్క అచ్చులు, అన్నీ కుప్పకూలాయి. ఒక బాబిన్ దొర్లుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది. "మీ చుట్టుడే! నువ్వే చెప్పినవ్, నీ నోటితోనే చెప్పినవ్!" అంటూ మా ఆయన కాలరు పట్టుకున్నాడు. మా ఆయన విడిపించుకోలేదు. కాలరు సేటు చేతిలో ఉండగానే మెడ వంచి, మోటారులోకి టార్చి వేసి చూస్తున్నాడు. ఆ మనిషి పని పిచ్చి నన్ను ఎన్నోసార్లు విసిగించింది. ఆ రోజు మాత్రం రక్షించింది.

"సేటు, జెర ఒక్క ముచ్చట చెప్పు," అన్నాడు. "గీ మోటరు స్టార్టరు మీద నడుస్తుందా, డ్రైవు మీదనా?"

సేటు కాలరు వదల్లేదు.

"మేం చుట్టినప్పుడు స్టార్టరన్నవ్. నేనే అడిగిన."

"డ్రైవు వెట్టిండు అన్నా," అన్నాడు ఆపరేటరు, కింద నుంచి. "ఉగాది దాటినంక. సెకండ్ హ్యాండుది. ఆఫీసు రూంల వెట్టి, ఆడికెళ్ళి మిల్లు దాంక కేబులు గుంజిండు. చెట్లకెళ్ళి గుంజిండు. నేను అద్దన్న. దూరమైతది సేటు అన్న."

"నోరు ముయ్."

"అద్దన్న," అన్నాడతను మళ్ళీ. "గందుకే కొట్టిండు. గా దినం సుత."

మా ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. డ్రైవు మోటారు వేగాన్ని తగ్గించి పెంచే పెట్టె. అది కరెంటును మామూలు కరెంటులా పంపదు, పదునైన దెబ్బల్లా తెగ్గొట్టి పంపుతుంది. కేబులు ఎంత పొడుగుంటే ఆ దెబ్బలు మోటారు దగ్గర వెనక్కి తన్ని అంత పెద్దవవుతాయి. అవి లోపలి దాకా పోవు. వైండింగులోకి తీగ ఎక్కడ దిగుతుందో అక్కడి మొదటి కాయిల్, అందులో మొదటి కొద్ది చుట్లు మొత్తం దెబ్బ తీసుకుంటాయి. రవ్వ కనిపించింది సరిగ్గా అక్కడే. డ్రైవు అని చెప్పి ఉంటే దానికి తగ్గ తీగ వేరే ఉంది, అదే వేసేవాళ్ళం. మధ్యలో ఆ దెబ్బల్ని మెత్తబరిచే చోకు పెట్టించేవాళ్ళం. షార్టు కాగానే డ్రైవు ట్రిప్పయింది కాబట్టి మచ్చ అంతలోనే ఆగింది. మొద్దు సగంలో టప్పున ఆగడం అంటే అదే.

ఆ మనిషి పొద్దున్నుంచి చెప్పింది అక్షరాలా నిజం. మొద్దు సగం కోశాడు, టప్పున ఆగింది, వాసన వచ్చింది. అంతే.

సేటు కాలరు వదిలాడు. ఎవరి ముఖం వైపూ చూడలేదు. గదిలో కూర్చోవడానికి స్టూలు కూడా నిలబడి లేదు. నేను ఎదురుచూశాను. ఒక మాట అంటాడని. కనీసం ఆపరేటరు వైపు ఒకసారి తిరుగుతాడని. నిజంగా ఎదురుచూశాను, నవ్వకండి.

ఆయన నేను కొట్టిన ముంజేతిని రుద్దుకుంటూ, రోజూ వచ్చే ఏ కస్టమరో అడిగినట్టే అడిగాడు.

"సరె. ఇగ చెప్పుండ్రి. చుట్టుడా, మార్చుడా?"

కొయ్య సుత్తి ఎక్కడ పడిందా అని వెతికాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు వైండింగులో ఉండదు, కోరులో ఉంటుంది. ఇనుప రేకుల దొంతరే కోరు. రేకుకూ రేకుకూ మధ్య పూత ఉంటుంది. అది పాడైతే ఎంత బాగా చుట్టినా మోటారు వేడెక్కి మళ్ళీ కాలుతుంది. రోడ్డు పక్కన డీజిలు పోసి వైండింగును తగలబెట్టే షాపుల్లో కోరు అలాగే చచ్చిపోతుంది. అలాంటిది వస్తే మార్చుకోమనే చెబుతాం. మేం పాత తీగను ఓవెన్‌లో, వేడి హద్దు దాటకుండా తీస్తాం. మా ఆయన షట్టరు ఎత్తి వచ్చి, కోరు చుట్టూ మందపాటి కేబులు తిప్పి కరెంటు ఇచ్చి, అరచేత్తో లోపలంతా తడిమాడు. ఎక్కడైనా ఒకచోట చురుక్కుమంటే కోరు పోయినట్టే. ఎక్కడా లేదు. అంతా ఒకే గోరువెచ్చన.

"కోరు బాగుంది. చుట్టొచ్చు," అన్నాను. "డ్రైవు తీగ వేస్తాం. నువ్వు ఆ పెట్టెను మోటారు పక్కకు తేవాలి. తేకపోతే ఇంకెవరి దగ్గరికైనా తీసికెళ్ళిపో."

"తెస్త, తెస్త," అన్నాడు సేటు, ఈగను తోలినట్టు. అప్పుడు తిరిగాడు ఆపరేటరు వైపు. "లే. ఆటో ఎక్కు. పాత మోటరుంది కదా, దాన్ని వెడదాం. లైన్ల మొద్దులున్నయ్."

ఆపరేటరు లేచాడు. గుమ్మం పక్కనున్న కొళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. ఎండిన రక్తం ఊడి మళ్ళీ పెదవి చిట్లింది. నేను కోసి పడేసిన తాడు ముక్కల్ని ఏరాడు. రెండు ముక్కల్నీ ముడేసి, చుట్ట చుట్టి, సేటు దగ్గరకు వెళ్ళి ఆయన చేతిలో పెట్టాడు. ఆ సేటును అతను కొడితే బాగుండునని నేను మనస్ఫూర్తిగా కోరుకున్నాను. కొట్టలేదు. గొంతు పెంచనూ లేదు.

"మోటరును చుట్టిచ్చుకో సేటు," అన్నాడు. "నన్ను మార్చుకో."

దొర్లిపోయిన బాబిన్‌ను గుమ్మంలోంచి తీసి లోపల పెట్టి, రాణిగంజ్ వైపు నడిచి వెళ్ళిపోయాడు. తాడు సేటు చేతిలోనే ఉండిపోయింది.